అన్నీ చదివే టైమ్ లేనప్పుడు ఏ చాప్టర్ వదలాలి?

"పరీక్షకు ఇంకా 11 రోజులే ఉంది. ఫిజిక్స్‌లో 15 చాప్టర్లకు ఐదే చదివాను, న్యూటన్ నియమాల వరకు. అమ్మకు ఒంట్లో బాగోక రెండు నెలలు పుస్తకం పట్టలేకపోయాను. ఇప్పటికీ రోజుకు ఐదు గంటలకు మించి కుదరదు. పని-శక్తి, భ్రమణం, గురుత్వాకర్షణ, స్థితిస్థాపకత, ద్రవాలు, పదార్థాల ఉష్ణ ధర్మాలు, ఉష్ణగతిక శాస్త్రం, అణుచలన సిద్ధాంతం, డోలనాలు, తరంగాలు మిగిలాయి. అక్కేమో 'ఒక్కటి కూడా వదలకు, వదిలిందే పరీక్షలో వస్తుంది' అంటోంది. ఫ్రెండ్స్ 'సగం వదిలెయ్' అంటున్నారు. ఏది వదలాలో తేల్చుకోలేక రెండు రోజులుగా ఏదీ చదవలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?"

ముందు మీకున్న గంటలు లెక్కపెడదాం. రోజుకు ఐదు చొప్పున 11 రోజులకు 55 గంటలు. చివరి రెండు రోజుల్లో కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదు. ఆ 10 గంటలు తిరగేయడానికి, టైమ్ పెట్టుకుని ఒక పాత పేపర్ మొత్తం రాయడానికి ఉంచండి. చదివిన ఐదు చాప్టర్లను ఒకసారి చూసుకోవడానికి గంట చొప్పున ఐదు తీసేయండి. మిగిలిన పది చాప్టర్లకు మీ చేతిలో 40 గంటలు ఉంటాయి.

ఇప్పుడు ఒక్కో చాప్టర్‌ని పూర్తిగా, లెక్కలతో సహా చదవడానికి ఎంత పడుతుందో చూడండి. నేను ఉదాహరణకు ఇలా వేసుకున్నాను: పని-శక్తికి 6 గంటలు, భ్రమణానికి 12, గురుత్వాకర్షణకు 5, స్థితిస్థాపకతకు 3, ద్రవాలకు 6, ఉష్ణ ధర్మాలకు 4, ఉష్ణగతికానికి 6, అణుచలన సిద్ధాంతానికి 4, డోలనాలకు 8, తరంగాలకు 9. మొత్తం 63. మీ వేగాన్ని బట్టి ఈ అంకెలు మార్చుకోండి, కానీ 40లో 63 పట్టదన్న విషయం మారదు.

అక్క చెప్పినట్టు ఏదీ వదలకుండా పుస్తకం వరసలో చదువుకుంటూ పోతే ఏమవుతుంది? ఉష్ణ ధర్మాలు అయ్యేసరికి 36 గంటలు అయిపోతాయి. ఉష్ణగతికం మధ్యలో ఉండగానే టైమ్ అయిపోతుంది. అణుచలన సిద్ధాంతం, డోలనాలు, తరంగాలు మొదలే కావు. అంటే ఏదీ వదలకూడదని కూర్చున్నా మూడు చాప్టర్లు పోతాయి. అవి మీరు ఎంచుకుని వదిలినవి కావు, పుస్తకంలో చివర ఉన్నందుకు పోయినవి. అక్క భయాన్ని నేను తీసిపారేయడం లేదు. మీరు దేన్నీ పోగొట్టుకోకూడదనే తన తాపత్రయం. కానీ ఈ దారిలో పోయేవే ఎక్కువ.

ఇక మార్కుల సంగతి. ఐదేళ్ల పాత పేపర్లు ముందేసుకుని ప్రతి ప్రశ్న పక్కన చాప్టర్ పేరు రాయండి. గంటన్నరలో అయిపోతుంది. ఒక్కో చాప్టర్‌కు ఏడాదికి సగటున ఎన్ని మార్కులు వస్తున్నాయో తేలుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. 'పోయిన ఏడాది రాలేదు కాబట్టి ఈసారి తప్పకుండా వస్తుంది' అని గానీ, 'పోయిన ఏడాది వచ్చింది కాబట్టి ఈసారి రాదు' అని గానీ అనుకోవద్దు. ఏటా కొద్దోగొప్పో వస్తున్న చాప్టర్‌ని నమ్మండి. ఛాయిస్ ఎలా ఇస్తున్నారో కూడా చూడండి. ఎనిమిది ప్రశ్నల్లో ఏవైనా ఆరు రాయమంటే, వదిలిన చాప్టర్ వల్ల ఆ భాగంలో పోయేది దాదాపు ఏమీ ఉండదు. అన్నీ తప్పనిసరి అయిన భాగంలో మాత్రం ప్రతి వదిలివేతా మార్కుగా కనిపిస్తుంది.

వంద మార్కుల పేపర్‌లో మీరు చదివిన ఐదింటికి 25 వస్తాయనుకుందాం. మిగిలిన 75లో పని-శక్తికి 10, భ్రమణానికి 9, గురుత్వాకర్షణకు 7, స్థితిస్థాపకతకు 4, ద్రవాలకు 8, ఉష్ణ ధర్మాలకు 5, ఉష్ణగతికానికి 9, అణుచలన సిద్ధాంతానికి 4, డోలనాలకు 9, తరంగాలకు 10 అనుకోండి. చాలామంది ఇక్కడే ఒక తప్పు చేస్తారు. మార్కులు ఎక్కువున్నవన్నీ పూర్తిగా చదువుతాం, తక్కువున్నవన్నీ వదిలేస్తాం అని గీత గీసేస్తారు. ఆ లెక్కన భ్రమణం 'పూర్తిగా చదవాలి' అన్న వైపు పడుతుంది. నేనైతే దాన్ని అక్కడ పెట్టను.

ఎందుకంటే ఒక చాప్టర్‌లో గంటలన్నీ ఒకేలా మార్కులు ఇవ్వవు. భ్రమణంలో మొదటి మూడు గంటల్లో జడత్వ భ్రామకం నిర్వచనం, సమాంతర అక్షాల సిద్ధాంతం, లంబ అక్షాల సిద్ధాంతం, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం, వాటి మీద నేరుగా వచ్చే చిన్న లెక్కలు అయిపోతాయి. తొమ్మిదిలో నాలుగు మార్కులు అక్కడే దొరకవచ్చు. మిగతా తొమ్మిది గంటలు పోయేది వాలుతలం మీద దొర్లే గోళాలు, కప్పీలకు కట్టిన బరువుల లాంటి కష్టమైన లెక్కల మీద. అంత కష్టపడితే ఇంకో మూడు మార్కులు వస్తే వస్తాయి. అవే తొమ్మిది గంటలు డోలనాల్లో పెడితే ఎనిమిదింటిలోనే చాప్టర్ పూర్తవుతుంది. అందుకే పెద్ద చాప్టర్ కనపడగానే 'చదవాలా, వదలాలా' అని అడగకండి. 'దీంట్లో ఎక్కడి వరకు చదివి ఆగాలి' అని అడగండి.

రెండోది, ఏ చాప్టర్ మీద ఏది ఆధారపడి ఉందో చూసుకోవాలి. డోలనాలు చదవకుండా తరంగాల జోలికి వెళితే ఆవర్తన కాలం, కంపన పరిమితి, దశ అన్న మాటల దగ్గరే ఆగిపోతారు. కాబట్టి డోలనాలు వదిలితే పోయేది తొమ్మిది మార్కులు కాదు, దాదాపు 19. అలాగే పని-శక్తి లేకుండా గురుత్వాకర్షణలో పలాయన వేగం మింగుడుపడదు. ఇలాంటి ఆధార చాప్టర్లను మార్కులతో పని లేకుండా ముందే పూర్తిగా చదవాలి.

మూడోది, ఇప్పటికే మీకు ఎంత వచ్చో చూడండి. ప్రతి చాప్టర్ నుంచి పాత పేపర్ల ప్రశ్నలు మూడు తీసుకుని, పుస్తకం తెరవకుండా పది నిమిషాలు ప్రయత్నించండి. ద్రవాల్లో పాస్కల్ నియమం, ఆర్కిమెడిస్ సూత్రం చిన్న తరగతుల నుంచే తెలిసినవి. సగం మార్కులు ఇప్పుడే మీ చేతిలో ఉండొచ్చు. అలాగైతే ఆరు గంటలు అక్కర్లేదు. బెర్నౌలీ సూత్రానికి, తలతన్యతకు రెండు గంటలు చాలు.

ఇవన్నీ కలిపితే నా లెక్క ఇలా తేలింది. పూర్తిగా చదివేవి పని-శక్తి, గురుత్వాకర్షణ, ఉష్ణగతికం, డోలనాలు. వీటికి 25 గంటలు. పైపైన చూసేవి భ్రమణం 3 గంటలు, తరంగాలు 4, ద్రవాలు 2, ఉష్ణ ధర్మాలు 2, స్థితిస్థాపకత 1. ఇవి 12 గంటలు. వదిలేది అణుచలన సిద్ధాంతం ఒక్కటే. దాని మార్కులు తక్కువ, మిగిలిన చాప్టర్లేవీ దాని మీద నిలబడిలేవు. దాంట్లోంచి మీకు తప్పక కావలసిన వాయువుల విశిష్టోష్ణాలు ఎలాగూ ఉష్ణగతికంలో చదువుతారు. మొత్తం 37 గంటలు. మిగిలిన మూడు గంటలు ఎటూ కేటాయించకుండా ఉంచండి.

పైపైన చూడటం అంటే పేజీలు గబగబా తిప్పడం కాదు. టైమ్ లేనప్పుడు అంతకన్నా వృథా ఇంకోటి లేదు. పాత పేపర్లలో ఆ చాప్టర్ నుంచి వచ్చిన ప్రశ్నలు ముందు చదవండి. వాటికి జవాబు ఉన్న భాగాలే పుస్తకంలో వెతికి చదవండి. తర్వాత పుస్తకం మూసి, సూత్రాలు, నిర్వచనాలు, ఒక బొమ్మ ఖాళీ కాగితం మీద రాయండి. ఈ మూసి రాయడాన్ని మాత్రం ఎంత తొందరలో ఉన్నా మానొద్దు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది. మీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా. చదివిన వెంటనే 'వచ్చేసింది' అనిపించడాన్ని నమ్మకండి. కాగితం మీద ఎంత పడిందో దాన్నే నమ్మండి.

ప్లాన్ ఎక్కువగా పాడయ్యేది పూర్తిగా చదవాలనుకున్న చాప్టర్ల దగ్గర. డోలనాలకు ఎనిమిది గంటలు అనుకుంటే పన్నెండు పడుతుంది, 'ఇంత చదివాక మధ్యలో ఎలా ఆపుతాం' అనిపిస్తుంది. ఆ అదనపు గంటలు తరంగాల నుంచి వస్తున్నాయని గుర్తుపెట్టుకోండి. అనుకున్న టైమ్ మీద రెండు గంటలు దాటితే ఆపేయండి, అక్కడి నుంచి పైపైన చూసే పద్ధతిలోకి మారండి. అలాగే ఒకసారి వదిలిన చాప్టర్‌ని రాత్రిపూట భయం వేసి తెరవొద్దు. మిమ్మల్ని రెండు రోజులుగా ఆపేసింది ఈ నిర్ణయం రోజూ మళ్లీ మొదటికి రావడమే.

అక్కతో వాదించకండి, ఈ లెక్క కాగితం చూపించండి. వరసగా చదివితే ఏ మూడు పోతాయో, ఇలా చదివితే ఏ ఒక్కటి పోతుందో తనే చూస్తుంది. తర్వాత తనకు ఒక పని అప్పజెప్పండి: పైపైన చూసిన చాప్టర్ నుంచి రోజూ రాత్రి పది నిమిషాలు ప్రశ్నలు అడగమనండి. తన భయం మీకు పనికొచ్చే రూపంలోకి మారుతుంది.

ఇక అమ్మ. ఈ 11 రోజుల్లో ఆమె దగ్గరే ఉండాల్సిన రోజు ఒకటి రావచ్చు. అప్పుడు ఏది తీసేయాలో ఆ రోజు ఆలోచించకుండా ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఒక రోజు పోతే ఐదు గంటలు. ముందు పక్కన పెట్టిన మూడు గంటలు, ఆ తర్వాత ఉష్ణ ధర్మాలకు ఇచ్చిన రెండు. మిగతా చాప్టర్లకు ఇచ్చిన టైమ్ అలాగే ఉంటుంది. మీరు ఆ రోజు పుస్తకం గురించి ఆలోచించకుండా అమ్మ దగ్గర కూర్చోవచ్చు.