సబ్ కాంట్రాక్టులే చేసినవాళ్లు వెండార్ ఫారంలో పాత క్లయింట్ల కాలమ్ ఎట్లా నింపాలి?

ప్రశ్న: ఒంగోలు పక్కన మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుంది. కృష్ణపట్నం వైపు ఒక పెద్ద కంపెనీ పర్చేజ్ వాళ్లు వెండార్ రిజిస్ట్రేషన్ ఫారం పంపారు. పాత క్లయింట్లు, సర్టిఫికెట్లు అడిగారు. మా పెద్ద పనులన్నీ వేరే కాంట్రాక్టర్ల కింద చేసినవే. ఐఎస్ఓ లేదు. ఏం రాయాలి?

జవాబు:

కాంట్రాక్టరు కింద చేశామనే రాయండన్నా. క్లయింట్ కాలమ్‌లో మీకు డబ్బులిచ్చిన కాంట్రాక్టరు పేరు, పక్కన పని జరిగిన సైటు పేరు. ఆ సైటు ఓనర్ కంపెనీనే మీ క్లయింట్‌గా చూపిస్తే మొదటి ఫోన్‌లోనే తేలిపోతుంది. అప్పుడు మిగతా కాగితాలనూ అనుమానంగానే చూస్తారు.

నాది నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు. 2021లో ఇట్లాంటి ఫారమే నింపి పంపా. క్లయింట్ల లిస్టులో 14 పేర్లు రాశా, అన్నీ నిజంగా చేసిన పనులే. నెల తర్వాత తిరిగొచ్చింది. ఒక్కో పేరు పక్కన ‘ఆధారం లేదు’ అని ఉంది. మరుసటి ఏడాది మూడే పేర్లు రాసి పంపితే వెండార్ కోడ్ వచ్చింది. ఫారం చూసే మనిషి మన పని చూడడు. మన పనిని మనం కాకుండా ఇంకెవరైనా చెప్తున్నారా అని చూస్తాడు.

ఆ మూడింటిలో ఒకటి వివరంగా చెప్తా. ఒక కన్వేయర్ పక్కన నడిచే ప్లాట్‌ఫారాలు, హ్యాండ్ రెయిలింగ్ పని. స్టీలు కాంట్రాక్టరుది, కటింగ్, వెల్డింగ్, ఎరెక్షన్ మాది. 22 టన్నులు, కిలోకి 18 రూపాయలు. అంటే బిల్లు 3,96,000. దానిమీద 18 శాతం జీఎస్టీ 71,280, మొత్తం 4,67,280. మొదటిసారి ఫారంలో ‘పని విలువ’ దగ్గర నేను 4,67,280 వేశా. కాంట్రాక్టరు నాకు టీడీఎస్ పట్టింది జీఎస్టీ లేని మొత్తం మీద. ప్రొప్రయిటర్‌ని కాబట్టి 1 శాతం, 3,960 రూపాయలు. ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ల దగ్గర మన టీడీఎస్ లెక్క ఉండే కాగితం ఫారం 26ఏఎస్. నా 26ఏఎస్‌లో ఆ కాంట్రాక్టరు పేరుతో కనపడేది 3,96,000. నేను రాసిన అంకె దానితో కలవలేదు. జీఎస్టీ లేకుండా ఉన్న అంకెలే అన్ని చోట్లా వేయండి. సీఏ ఇచ్చే టర్నోవర్ సర్టిఫికెట్‌లో కూడా అంతే.

ఈ 26ఏఎస్ మీలాంటి వాళ్లకు చాలా పెద్ద ఆధారం. పర్చేజ్ ఆర్డర్ కాపీ ఎవరైనా టైపు చేసుకోవచ్చు. 26ఏఎస్‌లో మాత్రం డబ్బులిచ్చినవాళ్లు తమంతట తాము ఇన్‌కమ్‌టాక్స్‌కి చెప్పిన లెక్క ఉంటుంది. ఇన్‌కమ్‌టాక్స్ పోర్టల్‌లోకి వెళ్లి మూడేళ్లవి తీసుకుని, మీరు రాయబోయే పేర్లు అందులో ఉన్నాయో లేవో ముందు చూసుకోండి. మార్చిలో వేసిన బిల్లుని కాంట్రాక్టరు ఏప్రిల్‌లో ఎక్కిస్తే పక్క సంవత్సరంలో కనపడుతుంది. అట్లాంటిది ఉంటే కవరింగ్ లెటర్‌లో ఒక లైను రాయండి.

రెండో ఆధారం వర్క్ కంప్లీషన్ సర్టిఫికెట్. ‘ఫలానా వాళ్లు మా దగ్గర బాగా పనిచేశారు’ అనే రకం లెటర్లు నా దగ్గర నాలుగుండేవి, ఒక్కటీ పనికి రాలేదు. ఉండాల్సినవి ఇవి: వర్క్ ఆర్డర్ నంబరు, సైటు పేరు, ఏం పని, ఎన్ని టన్నులు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, జీఎస్టీ లేకుండా విలువ, సంతకం చేసినాయన పేరు, హోదా, ఆఫీసు ఈమెయిల్. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సీలుతో. మనమే టైపు చేసి తీసుకెళ్తే వాళ్లకీ సులువు. నేను అడగడానికి వెళ్లేసరికి ఆ పని చూసిన ఇంజినీరు వేరే సైటుకి మారిపోయాడు. అకౌంట్స్ ఆఫీసులో కూర్చున్న పెద్దాయన, ‘ఫైనల్ బిల్లు రోజే అడగాల్సింది అబ్బయా, అప్పుడైతే ఫైలు నా టేబుల్ మీదే ఉండె’ అన్నాడు. మూడుసార్లు తిరిగితే వచ్చింది. ఇప్పుడు ఫైనల్ బిల్లుతోపాటే సర్టిఫికెట్ డ్రాఫ్టు కూడా పెడతా. రేటు బయటికి తెలియకూడదని కాంట్రాక్టరు అంటే, రేటు, విలువ గడులు మూసేసి టన్నులు మాత్రం కనపడేట్టు జిరాక్స్ ఇవ్వొచ్చు.

ఐఎస్ఓ లేకపోతే ‘లేదు’ అని రాయండి. ఆడిట్ లేకుండానే నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామని ఫోన్లు వస్తాయి. ఆ దారి మాత్రం వద్దు. నిజమైన ఐఎస్ఓ 9001కి ఆడిటరు షెడ్డుకొచ్చి రికార్డులు చూస్తాడు, మూడేళ్ల గడువుంటుంది, మధ్యలో ఏటా మళ్లీ వస్తాడు. పర్చేజ్ వాళ్లు iafcertsearch.org లాంటి చోట వెతికితే, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిందో లేదో తెలిసిపోతుంది. ఫ్యాబ్రికేషన్‌లో నన్ను ఎక్కువగా అడిగింది వెల్డర్ల క్వాలిఫికేషన్. వెల్డరు ఇన్‌స్పెక్టరు ఎదుట ప్లేటు ముక్క వెల్డ్ చేయాలి, దాన్ని ల్యాబ్‌లో వంచి పరీక్షిస్తారు. రిపోర్టులో వెల్డరు ఫోటో, ఏ ప్రాసెస్, ఏ పొజిషన్, ఎంత మందం వరకు చెల్లుతుందో ఉంటాయి. నా ఇద్దరు వెల్డర్లకీ నిలువు పొజిషన్, అంటే 3జీ, చేయించా. ఏఎస్ఎంఈ సెక్షన్ 9 అనే వెల్డింగ్ కోడ్ ప్రకారం చేయిస్తే, వెల్డరు ఆరు నెలలు ఆ ప్రాసెస్ చేయకుండా ఉంటే ఆ క్వాలిఫికేషన్ పోతుంది. అందుకే ఎవరు ఏ రోజు ఏ పని వెల్డ్ చేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నా. ఫారంతోపాటు ఆ పుస్తకంలో రెండు పేజీలు కూడా పెట్టా, వాటి మీద ఒక్క ప్రశ్నా రాలేదు.

ఇక మామూలు కాగితాల్లో నాకు దెబ్బ తగిలింది పేరు దగ్గర. మనవాళ్లకి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. ప్రొప్రయిటర్ అయితే జీఎస్టీ సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ మీ పాన్ పేరు, ట్రేడ్ నేమ్ షాపు పేరు. కరెంట్ అకౌంట్ షాపు పేరు మీద ఉంటుంది. కంపెనీ వాళ్లు ఒక రూపాయి వేసి అకౌంట్ పేరు చూస్తారు. ఫారంలో నా పేరు, అకౌంట్‌లో షాపు పేరు, అక్కడ ఆగిపోయింది. ‘ఫలానా షాపు అకౌంటు, ప్రొప్రయిటర్ ఫలానా, పాన్ నంబరు ఇది’ అని బ్యాంకు మేనేజరు దగ్గర లెటర్ తీసుకుని క్యాన్సిల్డ్ చెక్కుతో జత చేస్తే పని అయింది.

ఉద్యమ్ సర్టిఫికెట్ కూడా ఒకసారి తెరిచి చూడండి. నెట్ సెంటర్‌లో చేయించినవాళ్లకి చాలామందికి ‘ట్రేడింగ్’ అని పడి ఉంటుంది. ట్రేడింగ్‌గా ఉంటే 45 రోజుల్లోపు పేమెంట్ ఇవ్వాలన్న చట్టం మీకు వర్తించదు. మీది తయారీ కాబట్టి ‘మాన్యుఫ్యాక్చరింగ్’ అని, 25తో మొదలయ్యే కోడ్‌తో ఉండాలి. మార్చుకోవడం పోర్టల్‌లో ఉచితమే. సీఏ సర్టిఫికెట్ మీద యూడిన్, అంటే ఆ సర్టిఫికెట్‌కి సీఏ తీసుకునే ప్రత్యేక నంబరు, ఉందో లేదో చూసుకుని, udin.icai.org లో మీరే ఒకసారి కొట్టి, అంకెలు సరిపోయాక పంపండి.

కేటగిరీ దగ్గర అన్నీ టిక్ పెట్టొద్దు. నేను రెండోసారి స్ట్రక్చరల్ ఫ్యాబ్రికేషన్, ఎరెక్షన్ రెండే పెట్టా. పైపింగ్ చేయగలను, కానీ దానికి చూపించడానికి కాగితం లేదు. తర్వాత ఒక పైపింగ్ పని చేసి, దాని కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక ఈమెయిల్ పెడితే అదే కోడ్ కింద ఆ కేటగిరీ కూడా కలిపారు.