వెనకున్నది ఎంత దూరంలో ఉంది?

చిరంజీవి సుధకు,

నువ్వు పంపిన సినిమా స్క్రిప్టు చదివాను. నలభై పేజీల్లో ఆరు చోట్ల ‘డాలీ జూమ్’ అని ఒక కెమెరా షాటు పేరు రాశావు. అమీర్‌పేట హాస్టల్ గదిలో ఫోన్ మోగితే డాలీ జూమ్. సిటీ బస్సులో పాత స్నేహితుడు కనిపిస్తే డాలీ జూమ్. ఆఫీసులో మేనేజరు కసిరితే మళ్ళీ అదే. చిరాకేసి పక్కన పెట్టేద్దామనుకుంటూనే 31వ పేజీ తిప్పాను. మతిమరుపు ముదిరిన తండ్రిని కూతురు సాయంత్రం పూట ట్యాంక్‌బండ్‌కి తీసుకొస్తుంది. ఆయన బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ తింటూ తలెత్తి, “చీకటి పడుతోంది కదమ్మా, మీ ఇంట్లో వాళ్ళు ఎదురుచూస్తుంటారేమో, వెళ్ళరాదూ” అంటాడు. కన్న కూతురితో. అక్కడ నాకు గొంతు పట్టేసింది.

దాని కిందే రాశావు: ‘తండ్రి భుజం మీదుగా కూతురి ముఖం. డాలీ జూమ్.’ ఆరింటిలో ఆ షాటు నిజంగా కావలసిన చోటు ఇదొక్కటే. నువ్వు రాసినట్టు తీస్తే ఇక్కడా చెడిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

జూమ్ చేస్తే ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే పాళ్ళలో పెరుగుతాయి, లేదా తగ్గుతాయి. ముఖం రెట్టింపైతే వెనకున్న చెట్టూ రెట్టింపవుతుంది. ఆ రెండిటి మధ్య నిష్పత్తి మారదు. అది మారాలంటే కెమెరా కదలాలి. కెమెరా దగ్గరికి జరిగితే దగ్గరున్న ముఖం బాగా పెరుగుతుంది, దూరానున్న కొండ దాదాపు ఉన్నంతే ఉంటుంది. డాలీ జూమ్‌లో ఈ రెండు పనులూ ఎదురెదురుగా నడుస్తాయి. కెమెరా ఉన్న ట్రాలీ ముఖం దగ్గరికి వెళ్తున్నంతసేపూ జూమ్ వెనక్కి వస్తుంది. కెమెరా పెంచిన ముఖాన్ని లెన్సు అంతే తగ్గిస్తుంది కాబట్టి ముఖం ఒకే పరిమాణంలో నిలబడుతుంది. వెనకనున్నదాన్ని మాత్రం కెమెరా పెంచదు, లెన్సు తగ్గిస్తుంది. అందుకని అది దూరం జరిగిపోయినట్టు కనిపిస్తుంది.

నీ సీనుకే లెక్క వేద్దాం. కూతురు రెయిలింగుకి ఆనుకుని నిలబడిందనుకో, ఆమె వెనక హుస్సేన్ సాగర్, నీళ్ళ మధ్య బుద్ధుడు. ఆమెకి 8 మీటర్ల దూరంలో, 100 మిల్లీమీటర్ల లెన్సుతో మొదలుపెట్టు. 2 మీటర్ల దాకా తోసుకెళ్ళి 25 దగ్గర ఆపు. దూరం నాలుగో వంతైంది, లెన్సూ నాలుగో వంతైంది, ముఖంలో మార్పు లేదు. బుద్ధుడు ఆమెకి 300 మీటర్ల వెనక ఉన్నాడనుకుందాం. కెమెరా 6 మీటర్లు ముందుకొచ్చినా ఆయనకది లెక్కలోకి రాదు. లెన్సు మాత్రం నాలుగో వంతుకి పడిపోయింది కాబట్టి ఆయన కూడా ఇంచుమించు నాలుగో వంతుకి చిక్కిపోతాడు. 300 కాక 400 అయినా ఫలితం ఇదే. మరి ఆమె ముఖానికి అరమీటరు వెనకున్న రెయిలింగు? అది వందకి పదిహేను పాళ్ళు తగ్గుతుందంతే. రెయిలింగు ఆమెతోనే ఉండిపోతుంది, చెరువు వెడల్పవుతూ పోతుంది, బుద్ధుడు వెళ్ళిపోతాడు. ఆ సీనుకి కావలసింది సరిగ్గా ఇదే కదమ్మా!

ఇప్పుడు నీ హాస్టల్ గది సంగతి చూడు. పదడుగుల గదిలో కెమెరా మహా అయితే 2 మీటర్ల నుంచి మీటరు దూరానికి వస్తుంది. అమ్మాయి వెనక మీటరులో గోడ. లెన్సు 50 నుంచి 25కి తగ్గినా ఆ గోడ నాలుగింట ఒక వంతు తగ్గి ఊరుకుంటుంది. పైగా అది ఉత్త సున్నం గోడ. పెరిగిందో తరిగిందో చెప్పడానికి దాని మీద గుర్తేదీ లేదు. చూసేవాడికి ఏదో కదిలినట్టు అనిపిస్తుంది తప్ప గుండెకి ఏమీ తగలదు.

నేను ఏళ్ళుగా అందరితో వాదిస్తూ వస్తున్న మాట ఇదే. ఈ షాటు ముఖానిది కాదు, ముఖం వెనకున్న చోటుది. ఆ చోటుకి లోతుండాలి, ప్రేక్షకుడికి అది ముందే తెలిసి ఉండాలి. అందుకే దీన్ని కెమెరామన్ కంటే ముందు రచయిత రాయాలి. ‘డాలీ జూమ్’ అన్న రెండు మాటలు రాస్తే ఏమీ రాసినట్టు కాదు. ఆమె వెనక ఏముంది, ఎంత దూరంలో ఉంది, ఆమెకది ఏమవుతుంది, ఇవి రాయాలి. నా మొదటి కథలు అచ్చవుతున్న రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు చెరువూ వీధీ కనబడిన పేరాలన్నిటినీ ‘వర్ణన’ అని కొట్టేసి సంభాషణలు మాత్రం మిగిల్చేవాడు. మనుషులు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలియకుండా నా కథలు జనం చదివారు. ఆ బాధ నాకింకా పోలేదు. ఆ వాడుకే తర్వాత సినిమా స్క్రిప్టుల్లోకీ వచ్చింది. ఇప్పుడు నీ పేజీల్లోనూ కనబడుతోంది. ట్యాంక్‌బండ్ సీనులో బుద్ధుడి ఊసే లేదు. బెంచీ ఉంది, పల్లీలున్నాయి, అంతే.

1958లో హిచ్‌కాక్ సినిమా ‘వెర్టిగో’ కోసం ఈ షాటుని కుదిర్చినవాడు సెకండ్ యూనిట్ కెమెరామన్ ఇర్మిన్ రాబర్ట్స్. గంట గోపురం మెట్ల మధ్య ఖాళీలోకి తొంగి చూసినవాడికి అడుగు ఇంకా కిందికి దిగిపోయినట్టు అనిపించాలి. అంత ఎత్తున కెమెరాని పైకీ కిందికీ నడపడం ఖర్చుతో కూడిన పని. అందుకని మెట్ల నమూనా కట్టి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, కెమెరాని నేల మీద నడిపారు. అక్కడ ముఖమే లేదు చూడు, ఉన్నదంతా లోతే. 1975 నాటి సొరచేప సినిమా ‘జాస్’లో బీచిలో కూర్చున్న పోలీసు అధికారి ముఖం నిలకడగా ఉండి వెనకున్న తీరం పారిపోతుంది. అది కొద్ది క్షణాలే. దానికి ముందు చాలాసేపు ఆ తీరాన్ని, ఆ జనాన్ని మనం అతని కళ్ళతోనే చూస్తూ ఉంటాం. అందుకే ఆ క్షణం తగులుతుంది.

ఇక ఏ భావానికి పనికొస్తుందని అడిగావు. మనిషి కదలకుండా ఉన్నచోటే ఉండి, ఒక్క సంగతి తెలియడంతో ఆ చోటు మారిపోతే, అక్కడ పనికొస్తుంది. దగ్గరికి తోస్తూ జూమ్ వెనక్కి తీస్తే లోకం దూరమవుతుంది. ఒంటరితనం, హఠాత్తుగా కమ్మే భయం, ఎత్తు, ఆసరా తెగిపోవడం దాని సొంతం. వెనక్కి లాగుతూ జూమ్ లోపలికి వేస్తే వెనకున్నది మీదికొస్తుంది. ఎక్కడి నుంచి పారిపోయి వచ్చాడో అది తనని పట్టేసుకుందని తెలిసినవాడికి అది సరిపోతుంది. నీ సీనులో తండ్రి మాటతో అమ్మాయి మీదికి ఏదీ రావడం లేదు, ఉన్నది పోతోంది. కాబట్టి మొదటిదే. కోపానికి ఇది వద్దు. కోపం వచ్చినవాడు కదులుతాడు, కదిలితే లెక్క తప్పుతుంది. బస్సులో స్నేహితుణ్ణి చూసిన ఆనందానికీ వద్దు, అక్కడ ఇద్దరూ దగ్గరవుతున్నారు కదా.

నువ్వు రాసినట్టు తండ్రి భుజం మీదుగా ఎందుకు తీయొద్దో చెప్తాను. ఆయన ఆమెకి మీటరు ముందు ఉన్నాడనుకో. మొదట్లో కెమెరా ఆయనకి 7 మీటర్లలో ఉంటుంది, చివరికి మీటరులో. ముఖం ఉన్నంతే ఉండగా ఆయన భుజం ఒకటిముప్పావు రెట్లు ఉబ్బి ఆమెని కప్పేస్తుంది. ఈ షాటులో ముఖానికి వెనకున్నవి తగ్గుతుంటే ముందున్నవి పెరుగుతాయి. ఆయన్ని ఫ్రేము బయట కూర్చోబెట్టి గొంతు మాత్రం వినిపించు.

కృష్ణానగర్‌లో గది తీసుకుని కెమెరా అసిస్టెంటుగా తిరిగిన రోజుల్లో ఈ షాటుకి ముగ్గురు మనుషుల ఊపిరి కలవాల్సి వచ్చేది. ఒకరు ట్రాలీ తోసేవారు, ఒకరు ఫోకస్ చూసేవారు, ఒకరు జూమ్ తిప్పేవారు. నేల మీద టేపు ముక్కలు అంటించి, ప్రతి ముక్కకీ లెన్సు ఎక్కడ ఉండాలో రింగు మీద పెన్సిలుతో గీసుకునేవాళ్ళం. చాలా జూమ్ రింగుల మీద 100 నుంచి 50కి ఎంత తిరగాలో 50 నుంచి 25కీ ఇంచుమించు అంతే తిరగాలి. ట్రాలీ మాత్రం మొదటి సగానికి 4 మీటర్లు నడుస్తుంది, రెండో సగానికి 2 మీటర్లే. ట్రాలీ ఒకే వేగంతో వెళ్తుంటే చెయ్యి మొదటి సగంలో నెమ్మదిగా, రెండో సగంలో సగటున రెట్టింపు వేగంగా తిరగాలి. తప్పితే ముఖం ఉబ్బుతుంది, లేదా కుంచించుకుపోతుంది. ప్రేక్షకుడు చెరువుని వదిలేసి ముఖాన్ని చూస్తాడు. పట్టుకోవడానికి ఉపాయం ఉంది. మానిటర్ అద్దం మీద గడ్డం దగ్గరా నుదుటి దగ్గరా రెండు గీతలు గీయి. ముఖం ఆ గీతలు దాటిందా, మళ్ళీ తీయి. చివర్లో కెమెరా 2 మీటర్లకొచ్చాక అమ్మాయి పావు మీటరు ముందుకి ఊగినా ముఖం ఏడో వంతు పెద్దదైపోతుంది. అందుకే ఆమెని రెయిలింగుకి ఆనించి నిలబెట్టమంటున్నాను.

అపెర్చర్ కూడా చూసుకో. 100 దగ్గర పూర్తిగా తెరిస్తే బుద్ధుడి అంచులు కరిగిపోతాయి, 25కి వచ్చేసరికి స్పష్టమవుతాయి. దూరం జరగడం కాస్తా ఫోకస్ మారడంలా కనిపిస్తుంది. ఎఫ్ 8 దాకా మూసి, దానికి సరిపడా వెలుతురున్నప్పుడే తీయి. చీకటి పడుతోందని ఆయన అన్నా సూర్యుడింకా ఉండగానే మొదలుపెట్టాలి.

జూమ్ లెన్సు అద్దెకి డబ్బు లేదన్నావు. మామూలు లెన్సుతో 4కేలో తీసి, కెమెరాని 4 మీటర్ల నుంచి 2 మీటర్లకి నడుపు. ఎడిటింగులో మొదటి ఫ్రేముని రెట్టింపు పెంచి, దూరం తగ్గేకొద్దీ పెంపునీ అదే పాళ్ళలో తగ్గిస్తూ మామూలుకి తీసుకురా. కత్తిరించడమూ జూమ్ లాంటిదే కాబట్టి ఫలితం నిజమైనదే. బుద్ధుడు నాలుగో వంతుకి బదులు సగమవుతాడు. అది చాలు. కానీ ఈమధ్య ప్రతి షార్ట్ ఫిల్మ్‌లోనూ చేస్తున్నట్టు కెమెరాని కదపకుండా బొమ్మని మాత్రం పెంచి దానికి ఈ పేరు పెట్టొద్దు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అందులో ముఖమూ చెరువూ కలిసే పెరుగుతాయి, ఏదీ ఎక్కడికీ పోదు.

తిరగరాసేటప్పుడు మొదటి పది పేజీల్లోనే ఆ తండ్రీకూతుళ్ళని అదే రెయిలింగు దగ్గరికి తీసుకురా. కూతురికి ఏడెనిమిదేళ్ళు. ఆయన ఆమెని ఎత్తుకుని బుద్ధుణ్ణి చూపిస్తాడు. అక్కడ 100 లెన్సుతో, కెమెరా కదలకుండా, బుద్ధుడు వాళ్ళ వెనకే నిలబడ్డట్టు తీయాలి. 31వ పేజీ షాటు అదే పరిమాణంలో మొదలవ్వాలి. మిగతా ఐదు చోట్లా కెమెరా పేరు తీసెయ్యి. ట్యాంక్‌బండ్‌కి టేపు పట్టుకుని వెళ్ళి, రెయిలింగు నుంచి బెంచీకీ ట్రాలీకీ ఎంత చోటుందో కొలిచి, ఆ అంకెలు మార్జిన్‌లో రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు