రివిజన్ల పరిమితి, ఫైల్ ఫార్మాట్ల గురించి క్లయింటుకు రాయవలసిన ఈమెయిల్

ప్రశ్న: “బెంగళూరులోని ఒక స్టూడియోకు పాత్రల యానిమేషన్లు చేసి ఇచ్చాను. మార్పులు అడగడం ఆగడం లేదు, పైగా బ్యాక్‌గ్రౌండ్ లేని ఎంపీ4 కావాలంటున్నారు. మర్యాద చెడకుండా ఈమెయిల్ ఎలా రాయాలి?”

సమాధానం: నమస్కారమండి. “రెండు రివిజన్లు” అని మాత్రమే రాస్తే వివాదం తీరదు, అవి ఏ దశలోనో కూడా చెప్పాలి. బ్లాకింగ్‌లో ముఖ్య భంగిమలే ఉంటాయి కనుక చేయి ఎత్తును మార్చడం తేలిక. భంగిమల మధ్య కదలికను నింపి స్ప్లైన్ చేశాక అదే మార్పుకు ముందు వెనుక ఫ్రేములన్నీ సవరించాలి. కాబట్టి ఇలా రాయండి:

“బ్లాకింగ్‌లో రెండు విడతలు, తుది దశలో ఒక విడత మార్పులు ధరలో కలిసి ఉన్నాయి. మీ బృందమంతటి వ్యాఖ్యలు ఫ్రేమ్ నంబర్లతో ఒకే ఈమెయిల్‌లో వస్తే దానిని ఒక విడతగా లెక్కిస్తాను. ఆమోదించిన భంగిమను తరువాత మార్చాలంటే అది అదనపు పని. అంచనా పంపి, మీ అంగీకారం అందాకే మొదలుపెడతాను.”

వీటిలో రెండవ వాక్యాన్ని వదలకండి. దర్శకుడు ఒకరోజు, నిర్మాత మరొకరోజు చెప్పే మార్పులే అసలు చిక్కు. ముందుగా ఒప్పుకోని షరతు కనుక, దీనిని రాబోయే షాట్ల నుంచి అమలు చేయడం న్యాయం.

ఫార్మాట్ విషయంలో, మామూలు హెచ్.264 ఎంపీ4లో పారదర్శకత సమాచారం ఉండే ఆల్ఫా ఛానెల్ ఉండదని ఒక్క వాక్యంలో చెప్పి, “సమీక్షకు ఎంపీ4, కంపోజిటింగ్‌కు ప్రోరెస్ 4444 ఇస్తాను” అని రాయండి. ప్రోరెస్ 422లోనూ ఆల్ఫా ఉండదు. ఆల్ఫా అంచుల్లో బ్యాక్‌గ్రౌండ్ రంగు కలపని స్ట్రెయిటా, కలిపిన ప్రీమల్టిప్లైడా అన్నదీ తెలపాలి. నలుపుతో ప్రీమల్టిప్లై చేసిన ఫైలును వారు స్ట్రెయిట్‌గా తీసుకుంటే, జుట్టు అంచుల్లో నల్లని గీత కనిపిస్తుంది. ముందుగా ఒక చిన్న క్లిప్ పంపి, తెల్లని బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి చూడమనండి.