నికర లాభం సరిపోయిందంటే పైనంతా సరిగ్గా ఉన్నట్టు కాదు

"మాది చిన్న వ్యాపారం. అకౌంటెంట్ ఇచ్చిన లాభనష్టాల ఖాతాలో అమ్మకాల దగ్గర్నుంచి స్థూల లాభం, నిర్వహణ లాభం, నికర లాభం దాకా లెక్క సరిగ్గా దిగిందో లేదో మనంతట మనం ఎలా చూసుకోవాలి?"

ముందు కాలిక్యులేటర్ పక్కన పెట్టండి. టాలీ వచ్చాక కూడికల్లో తప్పులు దొరికే రోజులు పోయాయి. ఇప్పుడు తప్పు ఉంటే అది ఏ అంకెను ఏ వరుసలో వేశారన్న దాంట్లోనే ఉంటుంది. పైన మూడు తప్పులున్నా అడుగున నికర లాభం పైసాతో సహా సరిపోవచ్చు. అలాంటిది ఒకటి నా చేతికే వచ్చింది.

గుంటూరులో మిర్చి వ్యాపారుల లెక్కలు రాయడం నా పని. ఒక పెద్దాయన బ్యాంకు సీసీ లిమిట్, అంటే వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి, రెన్యువల్ కోసం వేరేచోట చేయించుకున్న కాగితం పట్టుకొచ్చి, "ఒకసారి చూడు బాబూ" అన్నారు. అమ్మకాలు 2 కోట్ల 10 లక్షలు, స్థూల లాభం 35 లక్షలు, నికర లాభం 6 లక్షలు. నేను కాగితం పక్కన పెట్టి, కిలో ఎంతకి కొన్నారు, ఎంతకి అమ్మారు అని అడిగాను. సగటున 147కి కొన్నారట, హమాలీ, గోతాలు, లారీ కిరాయి కలిపి ఇంకో మూడు రూపాయలు, అమ్మింది 167కి. అంటే వంద రూపాయల అమ్మకం మీద మిగిలేది పది. కాగితంలో మాత్రం పదహారున్నర పైనే ఉంది. ఆ మాట చెబితే ఆయన నవ్వి, "వందకి పదహారు మిగిలితే ఈ స్కూటర్ మీద ఎందుకు తిరుగుతానయ్యా?" అన్నారు.

మీరు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే. సరుకు మీద మీకు ఎంత మిగులుతుందో అకౌంటెంట్ కంటే మీకే బాగా తెలుసు. స్థూల లాభాన్ని అమ్మకాలతో భాగించి, వచ్చిన శాతం మీ మనసులో ఉన్న మార్జిన్‌కి దగ్గరగా ఉందో లేదో చూడండి. తేడా రెండు మూడు శాతం దాటితే లోపల ఏదో ఉంది.

ఇక్కడ ఏముందంటే, అమ్మకాల్లో 5 శాతం జీఎస్టీ కూడా కలిసిపోయింది. 2 కోట్ల 10 లక్షల్ని 1.05తో భాగిస్తే సరిగ్గా 2 కోట్లు వచ్చింది. పన్నెండు నెలల జీఎస్టీఆర్-3బీ రిటర్నుల్లో పన్ను పడే అమ్మకాల విలువ కూడితే అదే 2 కోట్లు. ఆ 10 లక్షలు ప్రభుత్వ సొమ్ము. `Duties & Taxes` కింద బాకీగా ఉండాల్సిన దాన్ని అమ్మకాల్లో కలిపారు. నెలనెలా కట్టిన పన్నేమో కింద ఖర్చుల్లో రాశారు. పైన పది పెరిగింది, కింద పది తగ్గింది, నికర లాభానికి ఏమీ కాలేదు.

రెండోది, సరుకు గోడౌన్‌కి చేరేదాకా అయిన హమాలీ, లారీ కిరాయి 4 లక్షలు. టాలీలో `Direct Expenses` కింద ఉండాల్సిన లెడ్జర్‌ని `Indirect Expenses` కింద తెరిచారు. దాంతో స్థూల లాభం ఇంకో 4 లక్షలు ఉబ్బింది. మూడోది, పాత మినీ లారీ అమ్మితే వచ్చిన లక్ష లాభాన్ని మిర్చి అమ్మకాల పక్కనే పెట్టారు. లారీలు అమ్మడం ఆయన వ్యాపారం కాదు కదా! అది నిర్వహణ లాభం తేలాక, ఇతర ఆదాయంగా రావాలి.

సరిచేస్తే లెక్క ఇలా దిగింది. 2 కోట్ల అమ్మకాల్లోంచి మొదటి నిల్వ 20 లక్షలు, కొనుగోళ్లు 192, హమాలీ, కిరాయి 4, మొత్తం 216లో చివరి నిల్వ 36 పోగా 180 లక్షలు తీసేస్తే స్థూల లాభం 20 లక్షలు. వందకి పది, ఆయన నోటితో చెప్పినదే. జీతాలు, షాపు అద్దె, కోల్డ్ స్టోరేజీ అద్దె, చిల్లర ఖర్చులు కలిపి 10, తరుగుదల 1 పోతే నిర్వహణ లాభం 9. దానికి లారీ లక్ష కలిపి, సీసీ వడ్డీ 4 లక్షలు తీస్తే 6 లక్షలు. పాత కాగితంలో ఉన్న 6 లక్షలే! కానీ పాత కాగితంలో వడ్డీ కూడా మిగతా ఖర్చుల్లో కలిసిపోయి, నిర్వహణ లాభం అనే వరుసే లేదు. వ్యాపారం సంపాదించేది 9 అయితే అందులో 4 అప్పుకి పోతోందన్న సంగతి దాంట్లో ఎక్కడా కనపడదు.

కోల్డ్ స్టోరేజీ అద్దె గురించి నాతో చాలామంది వాదిస్తారు, సరుకు కోసమే కదా, సరుకు ధరలో కలపాలి అని. కలపకూడదు. అకౌంటింగ్ స్టాండర్డ్-2 ప్రకారం, తయారీలో తర్వాతి దశకి వెళ్లడానికి అవసరమైతే తప్ప, నిల్వ ఉంచే ఖర్చుని నిల్వ విలువలో చేర్చరు. ధర కోసం ఎదురుచూస్తూ దాచిన మిర్చికి అది వర్తించదు.

ఆ కాగితంలో దొరికిన మూడూ నికర లాభాన్ని కదిలించని తప్పులు. చివరి నిల్వ అలా కాదు, అక్కడ తప్పు జరిగితే మూడు లాభాలూ కలిసి కదులుతాయి, శాతం చూస్తే తప్ప అనుమానం కూడా రాదు. మిర్చికి మార్చి 31 అంటే సీజన్ మధ్యలో ఉన్నట్టే, సరుకంతా కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. ఈ పెద్దాయనకి 600 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్కోటి సగటున 40 కిలోలు, ఖర్చులతో కలిపి కిలో 150 చొప్పున 36 లక్షలు. "ఆ రోజు యార్డులో ధర 170 ఉంది, అదే వేద్దాం" అన్నారనుకోండి, కొనేవాడు రాకుండానే 4 లక్షల 80 వేల లాభం పుట్టుకొస్తుంది. నికర లాభం 6 కాస్తా 10.80 అవుతుంది. వచ్చే ఏడు అదే మొదటి నిల్వగా తిరిగొచ్చి లాభాన్ని అంతే తినేస్తుంది. కొన్న ధర, అమ్మితే చేతికొచ్చే ధర, రెండిట్లో ఏది తక్కువైతే అదే వేయాలి. అందుకే అంకెని నమ్మకుండా కోల్డ్ స్టోరేజీ వాళ్లిచ్చిన బాండ్లు తెప్పించుకుని టిక్కీలు లెక్కపెట్టాను. టాలీలో స్టాకుని ఖాతాలతో కలపకపోతే చివరి నిల్వ చేత్తో రాసేదే, కొందరు బ్యాంకుకి చూపించాల్సిన లాభాన్ని బట్టి దాన్ని రాస్తారు. బ్యాంకు వాళ్లేమో నికర లాభం ఒక్కటి చూసి సంతకం పెడతారు, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకో తలనొప్పి. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 నమూనాలో స్థూల లాభం, నిర్వహణ లాభం అనే వరుసలే ఉండవు. ఇతర ఆదాయాన్ని పైనే కలిపేసి, ఖర్చులన్నీ ఒకే కుప్పగా చూపిస్తారు. కొనుగోళ్లు, నిల్వల్లో మార్పు విడిగా తీసి, ఇతర ఖర్చుల్లోంచి హమాలీ లాంటివి ఏరి మీరే స్థూల లాభం కట్టుకోవాలి. నిల్వ పెరిగితే ఆ మార్పు ఖర్చుల్లో బ్రాకెట్లో, అంటే మైనస్‌లో ఉండాలి. ఆ బ్రాకెట్ లేకపోతే నిల్వ పెరిగినందుకు లాభం తగ్గిపోతుంది.

సొంత వ్యాపారమే అయితే చివర్లో క్యాపిటల్ ఖాతా తెరవండి. పోయినేటి మూలధనానికి ఈ ఏటి నికర లాభం, కొత్తగా పెట్టిన డబ్బు కలిపి, ఇంటికి వాడుకున్నది తీస్తే బ్యాలెన్స్ షీట్‌లోని అంకె రావాలి. మీ ఇన్‌కమ్ ట్యాక్స్, పిల్లల కాలేజీ ఫీజు ఆ వాడుకున్న దాంట్లోనే ఉండాలి. ఇండైరెక్ట్ ఖర్చుల లెడ్జర్లు ఒక్కొక్కటీ తెరిస్తే అలాంటివి ఎన్ని దూరాయో తెలుస్తుంది. పెద్దాయన ఖాతాలో షాపు కరెంటు బిల్లు కింద ఇంటి మీటరు కూడా ఉంది, నేను చూపించేదాకా ఆయనకే తెలీదు.