కంపెనీ బస్సు ఎక్కడి దాకా వస్తుంది?

"మాది దేవరకద్ర. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీ మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ కెమిస్టులు కావాలని ప్రకటన ఇచ్చింది. రొటేషనల్ షిఫ్టులు, వారానికి ఆరు రోజులు, బస్సు సౌకర్యం ఉంది అని రాశారు. ఇంటి నుంచే వెళ్లి రాగలదా? అప్లై చేయకముందే ఎలా తెలుస్తుంది?"

దూరం సంగతి తర్వాత చూద్దాం, ముందు వేళలు లెక్కేయండి సార్. మూడు షిఫ్టులు నడిపేచోట సాధారణంగా ఉదయం 6కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి మనుషులు మారతారు. రొటేషనల్ అంటే మీ అమ్మాయి మూడింటిలోనూ వంతులవారీగా పనిచేయాలి. ల్యాబే కదా, పగటి పని ఉంటుందనుకోకండి. రాత్రంతా ప్రొడక్షన్ నడుస్తుంటే శాంపిళ్లు చూడటానికి క్యూసీలోనూ మనిషి ఉండాల్సిందే. పగటి పనే కావాలంటే ప్రకటనలో జనరల్ షిఫ్ట్ అని స్పష్టంగా ఉండాలి.

ఇక బస్సు. అది మహబూబ్‌నగర్ నుంచే బయల్దేరుతుంది అనుకుందాం. 6 గంటల షిఫ్టుకు పావుగంట ముందే గేటు దగ్గర ఉండాలంటే బస్సు దాదాపు 5కే కదులుతుంది. అంటే దేవరకద్రలో నాలుగు, నాలుగుంపావుకే ఇల్లు వదలాలి. రాత్రి 10కి దిగే షిఫ్టయితే మహబూబ్‌నగర్ చేరేసరికి 11 అవుతుంది. ఆ రెండు వేళల్లో మీ ఊరికి ఆర్టీసీ బస్సు ఉందో లేదో మహబూబ్‌నగర్ బస్టాండు ఎంక్వైరీలో అడగండి. లేకపోతే ఆమె జడ్చర్లలో గది తీసుకోవాల్సిందే. అద్దె, తిండి ఖర్చు తీసేశాక చేతికి ఎంత మిగులుతుందో చూసి అప్పుడు జీతం గురించి ఆలోచించండి.

పని ఒత్తిడి తెలియాలంటే ఉద్యోగులు తమ కంపెనీల గురించి రాసే యాంబిషన్‌బాక్స్ వెబ్‌సైట్‌లో రివ్యూలు చదవండి. మొత్తం రేటింగ్ పట్టించుకోకండి, అందులో హైదరాబాద్ ఆఫీసువాళ్లవీ కలిసిపోతాయి. జడ్చర్ల లొకేషన్, క్వాలిటీ విభాగం ఎంచుకుని ఈ ఏడాదివి మాత్రమే చూడండి. "రిలీవర్ రాకపోతే రెండో షిఫ్టు కూడా చేయిస్తారు" అని నలుగురు రాశారంటే నమ్మాల్సిందే. అదే పోస్టుకు నెలనెలా వాక్-ఇన్ పెడుతుంటే జనం మానేస్తున్నారేమోనని అనుమానించాలి. కొత్త బ్లాక్ తెరుస్తున్నా అలాగే పిలుస్తారు కాబట్టి, రివ్యూలతో కలిపి చూస్తేనే సంగతి తేలుతుంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, లోపాలు దొరికిన కంపెనీలకు ఇచ్చే వార్నింగ్ లెటర్లను fda.gov లో పెడుతుంది. ఆ యూనిట్‌కు ఈమధ్యే అలాంటి లెటర్ వచ్చి ఉంటే, పాత రికార్డులన్నీ తిరగేసే పని నెలల తరబడి క్యూసీ, క్యూఏ వాళ్ల మీదే పడుతుంది.

ప్రకటనలో 12 గంటల షిఫ్టు, ఆరు రోజులు అని ఉంటే వారానికి 72 గంటలు. చట్టం ప్రకారం మామూలు పని 48 గంటలే, ఆపైన చేయించే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆడపిల్లను రాత్రి షిఫ్టులో వేయాలంటే ఆమె ఒప్పుకోవాలి, భద్రత చూసుకోవాల్సిన బాధ్యతా కంపెనీదే.

వీలైతే ఒకరోజు మధ్యాహ్నం 2 దాటాక పోలేపల్లి గేటు దగ్గరికి వెళ్లండి. షిఫ్టు దిగి వచ్చేవాళ్లను రెండే అడగండి: పోయిన నెల ఎన్ని ఆదివారాలు ఇంట్లో ఉన్నారు, రాత్రి 10 తర్వాత బస్సు ఏ స్టాప్ దాకా వస్తుంది.