సెంటుకు యాభై గజాలని రాసిన అగ్రిమెంటు: ఎంత కట్టాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. ఇంటి స్థలం కొనడానికి అగ్రిమెంటు రాసుకుని పది లక్షలు అడ్వాన్సు ఇచ్చాను. అందులో "ఆరు సెంట్లు, అనగా 300 చదరపు గజాలు, గజం 18,000 చొప్పున మొత్తం 54 లక్షలు" అని ఉంది. కొలతలు తూర్పు పడమర 60 అడుగులు, ఉత్తర దక్షిణం 44 అడుగులు అని రాశారు. మధ్యవర్తి సెంటంటే యాభై గజాలే అన్నాడు. ఇప్పుడు మా బావగారు 48.4 గజాలే వస్తాయంటున్నారు. అడిగితే, సెంటు తొమ్మిది లక్షలకు మాట్లాడుకున్నాం, ఆరు సెంట్లకు 54 లక్షలు కట్టాల్సిందే అంటున్నారు అమ్మేవారు. లేకపోతే అడ్వాన్సు పోతుందట. నెల రోజుల్లో రిజిస్ట్రేషన్. నేను ఎంత కట్టాలి?

జవాబు: మీ బావగారు చెప్పిందే సరైన లెక్క. ఎకరానికి 4,840 చదరపు గజాలు. అందులో నూరో వంతు సెంటు కాబట్టి సెంటుకు 48.4 గజాలు, అడుగుల్లో అయితే 435.6 చదరపు అడుగులు. నోటి లెక్క తేలిగ్గా ఉంటుందని కొందరు 48 అంటారు, కొందరు 50 అనేస్తారు. మాట వరసకు ఎవరేమన్నా ఫర్వాలేదు. ఆ యాభై కాగితం మీదికెక్కి, దాన్ని గజం రేటుతో హెచ్చవేసినప్పుడే చిక్కొస్తుంది. మీ అగ్రిమెంటులో జరిగింది అదే.

మీ కాగితంలో ఒకే స్థలానికి మూడు విస్తీర్ణాలున్నాయి. 300 గజాలని మాటల్లో రాసింది మొదటిది. ఆరు సెంట్లను 48.4తో హెచ్చవేస్తే 290.4 గజాలు, ఇది రెండోది. 60 అడుగులను 44తో హెచ్చవేస్తే 2,640 చదరపు అడుగులు. చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి తొమ్మిదితో భాగిస్తే 293.33 గజాలు, ఇది మూడోది. గజం 18,000 చొప్పున మొదటి లెక్కకు 54 లక్షలు, రెండో లెక్కకు 52,27,200, మూడో లెక్కకు 52,80,000 అవుతుంది. మీరు అడ్డం, పొడవు అడుగుల్లో కొలిచి ఆ రెండు సంఖ్యలనూ మూడుతో భాగించినా ఇదే వస్తుంది: 20 గజాలు, 14.67 గజాలు, వాటి హెచ్చింపు 293.33. చదరపు అడుగులను మూడుతో భాగించి గజాలనుకునే పొరపాటు మాత్రం చేయకండి. పొడవుకు మూడు, వైశాల్యానికి తొమ్మిది.

మరి ఈ మూడింటిలో ఏది నిలుస్తుంది? రాసిన విస్తీర్ణానికీ, చెప్పిన హద్దులకూ పొంతన లేనప్పుడు కోర్టులు మామూలుగా హద్దులకే విలువిస్తాయి. అంటే మీకు వచ్చేది ఆ నాలుగు హద్దుల మధ్య నేల మీద నిజంగా ఉన్న స్థలం. కాగితంలో 300 అని రాసినంత మాత్రాన పక్కవాళ్ల గోడ అడుగు జరగదు. అమ్మేవారు కూడా తనకున్నదే అమ్మగలరు. అందుకే వారి లింకు దస్తావేజు తెప్పించి, వారు కొన్నప్పుడు ఎన్ని సెంట్లు లేదా ఎన్ని గజాలు రాసుకున్నారో ముందు చూడండి. అక్కడ ఆరు సెంట్లని మాత్రమే ఉంటే 300 గజాలకు ఆధారమే లేదు.

హద్దులు స్థలాన్ని తేలుస్తాయి సరే, డబ్బు సంగతేమిటి? మీకు పనికొచ్చే అసలు మాట "గజం 18,000 చొప్పున" అన్నది. ఒకవేళ అగ్రిమెంటులో రేటే లేకుండా "ఈ హద్దుల మధ్య గల స్థలం, హెచ్చుతగ్గులున్నా సరే, మొత్తం 54 లక్షలకు" అని రాసి ఉంటే, ఏడు గజాలు తగ్గాయని ధర తగ్గించమనడం కష్టమయ్యేది. అది గుత్తగా కొన్నట్టు. మీరు అలా కొనలేదు. యూనిట్‌కింత అని రేటు రాసి, దాన్ని విస్తీర్ణంతో హెచ్చవేసి మొత్తం తేల్చారు. విస్తీర్ణం తప్పయినప్పుడు మొత్తం కూడా తప్పే, రేటు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి కొలిచి తేలినన్ని గజాలకు గజానికి 18,000 చొప్పున కట్టడానికే మీరు బద్ధులని నా అభిప్రాయం.

అమ్మేవారి వాదన తీసిపారేసేది కాదు, అది కూడా చెప్పాలి. సెంటు తొమ్మిది లక్షలంటే నిజానికి గజం 18,595 రూపాయలు. యాభైతో భాగిస్తేనే 18,000 వస్తుంది. నిజంగా సెంటు రేటు మీదే బేరం తెగి ఉంటే, ఆ యాభై గజాల పొరపాటు వల్ల నష్టపోయేది అమ్మేవారే. పైగా 2,640 అడుగుల స్థలం 6.06 సెంట్లు కాబట్టి సెంటు లెక్కన మీరు కట్టాల్సింది 54 లక్షల 54 వేలు అవుతుంది! ఒకే స్థలానికి గజం రేటుకూ సెంటు రేటుకూ లక్షా డెబ్భై నాలుగు వేల తేడా. కానీ ఆ సెంటు రేటు కాగితంలో లేదు. షరతులు రాతపూర్వకంగా ఉన్నప్పుడు వాటికి విరుద్ధంగా నోటిమాట సాక్ష్యం చెల్లదని పాత సాక్ష్య చట్టం 91, 92 సెక్షన్లు చెప్పేవి. ఇప్పుడవి భారతీయ సాక్ష్య అధినియమంలో 94, 95. దీనికి మినహాయింపు ఉంది. ఇద్దరం సెంటు తొమ్మిది లక్షలకే ఒప్పుకున్నామని, రాసేటప్పుడు ఇద్దరమూ పొరబడ్డామని అమ్మేవారు రుజువు చేయగలిగితే, కాగితాన్ని సవరించమని నిర్దిష్ట పరిహార చట్టం 26వ సెక్షన్ కింద కోర్టును అడగవచ్చు. ఆ రుజువు భారం వారిదే. అందుకే మధ్యవర్తితో గానీ అమ్మేవారితో గానీ మీరు జరిపిన వాట్సాప్ సంభాషణల్లో "సెంటు తొమ్మిది" అని మీరు ఎక్కడైనా ఒప్పుకున్నారేమో ఇప్పుడే చూసుకోండి. ఉంటే మీ లాయరుకు ముందే తెలియాలి. ఉన్నదాన్ని మాత్రం చెరిపేయకండి.

ఇంకొక మాట. 293.33 అన్నది కూడా ఖాయం కాదు. 60, 44 కొలతలు నాలుగు మూలలూ సరిగ్గా మూలమట్టంగా ఉంటేనే 2,640 అడుగులిస్తాయి. మన ఊళ్లలో పాత స్థలాలు చాలావరకు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్నా సరే, స్థలం ఒరిగిన కొద్దీ వైశాల్యం తగ్గుతుంది. భుజాలు మాత్రమే కొలిస్తే అది తెలియదు. టేపు తీసుకుని ఒక మూల నుంచి ఎదుటి మూలకు పట్టండి. సరిగ్గా మూలమట్టంగా ఉన్న 60, 44 స్థలానికి రెండు కర్ణాలూ 74 అడుగుల 5 అంగుళాలు రావాలి. మీకు ఒకటి 68 అడుగులు, రెండోది 80 దాటి వచ్చాయనుకోండి, స్థలం ఒరిగినట్టే. అప్పుడు 60, 44, 68 భుజాలున్న రెండు త్రిభుజాలుగా విడగొట్టి లెక్క కడితే ఒక్కోటి 1,300 అడుగులు, మొత్తం 2,600 అడుగులు. అంటే దాదాపు 289 గజాలు, ధర 52 లక్షలు. నాలుగు భుజాలూ అవే, ధరలో మాత్రం ఎనభై వేలు తేడా. ఎదురెదురు భుజాలు సమానంగా లేకపోతే, సగటు తీసి హెచ్చవేసే అలవాటు కూడా ఇలాగే విస్తీర్ణాన్ని ఎక్కువ చేసి చూపుతుందే తప్ప ఎప్పుడూ తక్కువ చేయదు. అందుకే కర్ణం కొలవని కొలత మీద నేను సంతకం పెట్టనివ్వను.

ఇక మీరు చేయాల్సింది. లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిపించి, అమ్మేవారిని కూడా రమ్మని రాతపూర్వకంగా అడిగి, ఇద్దరి ఎదుట కొలిపించండి. నాలుగు భుజాలు, ఒక కర్ణం, వచ్చిన చదరపు అడుగులు, గజాలు, మీటర్లు స్కెచ్ మీద రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి. వారు రాకపోతే, పిలిచినట్టు రుజువు మీ దగ్గర ఉంటుంది. తేలిన విస్తీర్ణానికి 18,000 చొప్పున లెక్క కట్టి, అడ్వాన్సు పది లక్షలు మినహాయించి, మిగతాది కట్టి రిజిస్టరు చేయించుకోవడానికి సిద్ధంగా ఉన్నానని లాయరు నోటీసు పంపండి. మూలమట్టమని తేలితే ఆ మిగతాది 42,80,000. ఆ డబ్బు మీ ఖాతాలో కనబడాలి. కోర్టుకు వెళ్లాల్సివస్తే, ఒప్పందం నెరవేర్చడానికి తాను సిద్ధంగా ఉన్నానని కొనేవాడే రుజువు చేయాలని నిర్దిష్ట పరిహార చట్టం 16వ సెక్షన్ అంటుంది. ఉత్త మాట సరిపోదు.

అడ్వాన్సు పోతుందన్న బెదిరింపుకు భయపడకండి. మీరు వెనక్కి తగ్గడం లేదు, సరైన లెక్కకు కొంటానంటున్నారు. ఒప్పందంలో చిన్న భాగం నెరవేరే వీలు లేకపోయినా, దాన్ని డబ్బుతో పూడ్చగలిగితే, మిగతాదాన్ని అమలు చేయమని, తక్కువైనదానికి పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఇది అదే చట్టం 12వ సెక్షన్. 300లో ఏడు గజాల లోటు అలాంటిదే. దావాకు రిజిస్ట్రేషన్ గడువు తేదీ నుంచి మూడేళ్ల పరిమితి ఉంది. అలాగని అంతదాకా ఆగకండి, ఆలస్యం చేసినవాడి సంసిద్ధత మీద కోర్టుకు అనుమానం వస్తుంది.

"రిజిస్ట్రేషన్ అయ్యాక చూసుకుందాంలే" అని 300 గజాలకు దస్తావేజు మాత్రం రాయించుకోకండి. లేని గజాలకు కూడా మీరు స్టాంపు డ్యూటీ కడతారు. రేపు ప్లానుకో బ్యాంకు లోనుకో వెళ్తే నేల మీద కొలత 293 వస్తుంది, కాగితంలో 300 ఉంటుంది, సవరణ దస్తావేజుకు మళ్లీ అమ్మినవారి సంతకం కోసం తిరగాలి. మొత్తం డబ్బు చేతికందినవారు ఆ సంతకానికి ఎంత తొందరగా వస్తారో మీకు తెలుసు.

దస్తావేజులో విస్తీర్ణాన్ని గజాలతో పాటు చదరపు మీటర్లలో కూడా రాయించండి. 2,640 అడుగులైతే 245.26 చదరపు మీటర్లు. మీటరును ఎవరూ నోటి లెక్కతో యాభై చేయలేరు. "గజం 18,000 చొప్పున, ఉభయుల సమక్షంలో కొలిచి తేల్చిన విస్తీర్ణానికి" అన్న మాటలు, ఆ సర్వే స్కెచ్ దస్తావేజుకు జత చేసినట్టుగా ఒక వాక్యం ఉండేలా చూడండి. కొలిచిన స్కెచ్, అగ్రిమెంటు, లింకు దస్తావేజు నకళ్లు తీసుకుని గడువుకు కనీసం పదిహేను రోజుల ముందు మీ ఊరి సివిల్ లాయరును కలవండి, నోటీసు పంపడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.