శ్రవణకుమారుణ్ని కరపత్రం నుంచి తీసెయ్యి

చిరంజీవికి పెదనాన్న దీవెనలు.

నువ్వు పంపిన కరపత్రం చూశాను. పైన పెద్ద అక్షరాలతో "శ్రవణకుమారుడిలా మీ తల్లిదండ్రులను కాశీకి తీసుకెళ్తాం" అని వేశావు. నాయనా, ఆ కథను చివరిదాకా ఒకసారి గుర్తు తెచ్చుకో. కావడి సగం దారిలోనే దిగింది, కొడుకు మిగల్లేదు, తల్లిదండ్రులు ఇల్లు చేరలేదు. పైగా మన ప్రయాణికులు "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అన్న సామెత వింటూ పెరిగినవాళ్లు. నవ్వుతూనే అంటారు కానీ, పెట్టె సర్దుకునేటప్పుడు ఆ మాట తలపుకు రాకుండా ఉండదు.

ఈ వ్యాపారంలో డబ్బు కట్టేది ఒకరు, ప్రయాణం చేసేది మరొకరు. నీ కరపత్రం చదివేది ఎక్కడో ఉద్యోగంలో ఉన్న కొడుకో కూతురో. వాళ్లకు క్షేత్రమహిమ చెప్పనక్కర్లేదు, ఆ భక్తి అమ్మ దగ్గర కావలసినంత ఉంది. వాళ్ల మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న: అమ్మ నడవలేక వెనకబడితే ఎవరు ఆగుతారు? నీ ట్యాగ్‌లైన్ దానికి జవాబు కావాలి.

నా మొదటి కరపత్రం మీద "9 రోజుల్లో 21 క్షేత్రాలు" అని వేయించాను. బస్సు నిండింది, నేను పొంగిపోయాను. అయిదో రోజు ఒక పెద్దావిడకు మోకాళ్లు పట్టేసి బస్సు దిగలేకపోయారు. మేము దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆవిడ కిటికీ అద్దం జరిపి, ఇళ్ల కప్పుల మీదుగా కనిపిస్తున్న గోపురానికి దండం పెడుతున్నారు. నన్ను చూసి "ఇంకా ఎన్ని ఉన్నాయి బాబూ?" అన్నారు. ఆ ఇంటి నుంచి నాకు మళ్లీ ఫోను రాలేదు.

అందుకే నా సలహా ఇది: "అమ్మ అడుగు ఎంతో, మా తొందర అంతే." నీకు ఇంతకన్నా మంచిది తట్టితే అదే పెట్టుకో. కానీ ఏది పెట్టినా కార్యక్రమం దాన్ని నిలబెట్టాలి. ఆ మాట పైన వేసి, కింద ఒకే రోజున నాలుగు గుళ్లు రాస్తే చదివినవాళ్లు నవ్వుకుంటారు. ఉదయం ఒక దర్శనం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఓపిక ఉన్నవాళ్లకు మరొకటి. ప్రతి గుడి పేరు పక్కనా బస్సు ఎక్కడ ఆగుతుందో, అక్కడి నుంచి ఎంత నడవాలో, ఎన్ని మెట్లో రాయి. కాశీలో పెద్ద బస్సు విశ్వనాథుడి గుడి సందుల్లోకి రాదు, ఘాట్లకు మెట్లు దిగక తప్పదు. అది ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. అక్కడికి వెళ్లాక తెలిస్తే మాత్రం క్షమించరు.

ఫోను వచ్చినప్పుడు ధరతో మొదలుపెట్టకు. "అమ్మగారు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? కింద కూర్చుని లేవగలరా?" అని అడుగు. అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, చాలామందికి జవాబు తెలియదు. "కనుక్కుని చెబుతాను" అంటే సంతోషించు, ఆ సాయంత్రం ఇంట్లో నీ యాత్ర గురించే మాట్లాడుకుంటారు. రెండోసారి అమ్మగారితోనే మాట్లాడు. ఆవిడను సామానులా కాక యాత్రికురాలిలా పలకరించు. ఏ గుడి చూడాలని ఎన్నాళ్లుగా అనుకుంటున్నారో అడుగు.

కాదనడం కూడా నేర్చుకో. గుండె జబ్బున్న నాన్నగారిని కేదారనాథ్ తీసుకెళ్లమని ఎవరైనా అడిగితే, గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు దారి అనీ, గుడి 3,500 మీటర్లకు పైన ఉందనీ చెప్పు. డోలీలో వెళ్లినా, హెలికాప్టరులో వెళ్లినా పైన గాలి పలచనే. డాక్టరు సరే అంటేనే రమ్మను, లేదా బస్సు వెళ్లే బదరీనాథ్ చూపిస్తానను. అయితే అదీ 3,000 మీటర్లు దాటిన చోటే, కాబట్టి డాక్టరు మాట అక్కడికీ కావాలి. ఆ ఒక్క టికెట్టు పోతుంది, పోనీ.

ఇక రైల్లో కింది బెర్తు సంగతి. నీ కరపత్రంలో "అందరికీ కింది బెర్తు" అని ఉంది, అది కొట్టెయ్. మన చేతిలో లేనిది రాయకూడదు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు రైల్వే కింది బెర్తుల కోటా ఉంది, కానీ ఒక టికెట్టు మీద ఒకరో ఇద్దరో ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఆరుగురికి కలిపి ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా పోతుంది. నేను తెలియక అలాగే తీసి, రాత్రంతా బోగీలో కుర్రవాళ్లను బతిమాలుతూ తిరిగాను. ఇద్దరిద్దరికీ విడిగా తియ్యి. "కింది బెర్తు కోటాలోనే ప్రయత్నిస్తాం, దొరకకపోతే ప్రయాణానికి ముందే చెబుతాం" అని రాయి.

అచ్చుకు ఇచ్చే ముందు కరపత్రం మీ అమ్మ చేతికి ఇచ్చి, కళ్లజోడు లేకుండా చదవమను. ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో నాకు ఫోను చేసి చెప్పు.

మీ పెదనాన్న